రా ఫైల్ కావాలా, జేపెగ్ సరిపోతుందా: మీ కెమెరాతోనే తేల్చుకునే పద్ధతి

రా ఫైల్ మంచిదా, జేపెగ్ మంచిదా అని అడిగితే చాలామంది "రా తీసేయండి, తర్వాత సరిచేసుకోవచ్చు" అంటారు. ఆ మాట సగమే నిజం. ఏది సరిచేసుకోవచ్చు, ఎంతవరకు సరిచేసుకోవచ్చు అన్నది మీ కెమెరాను బట్టి, మీరు తీసే ఫొటోలను బట్టి మారుతుంది. అది కళ్లారా చూసి తెలుసుకోవడానికి ఒక గంట పడుతుంది. వెలుతురు పడే కిటికీ, ఒక బల్బు, కాసేపు కదలకుండా కూర్చోవడానికి ఒప్పుకునే మనిషి ఉంటే చాలు. ఆ పరీక్ష ఎలా చేయాలో, దాన్ని బట్టి మెమొరీ కార్డు, హార్డ్ డిస్క్ లెక్క ఎలా వేసుకోవాలో ఇక్కడ వరసగా చెబుతాను.

ముందుగా: ఆ రెండు ఫైళ్లలో ఏముంటుంది

కెమెరా సెన్సర్ మీద ఉండే ఒక్కో చుక్క ఒక్క రంగు కాంతినే కొలుస్తుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడింటిలో ఏదో ఒకటి. ఎక్కువ కెమెరాల్లో ఆకుపచ్చ చుక్కలు మిగతా ఒక్కో రంగు చుక్కలకంటే రెట్టింపు ఉంటాయి. మీరు షట్టర్ నొక్కగానే కెమెరా ఈ కొలతలన్నీ తీసుకుని, పక్క చుక్కలను చూసి మిగతా రంగులను లెక్కకట్టి, తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులు సర్దే వైట్ బ్యాలెన్స్ వేసి, కాంట్రాస్ట్ పెంచి, నాయిస్ అనే ఇసుక లాంటి చుక్కలను తగ్గించి, అంచులు పదును పెట్టి, చివరికి ఒక్కో రంగుకు 256 మెట్లు మాత్రమే ఉండేలా కుదించి జేపెగ్‌గా దాస్తుంది. ఆ దాచడంలో కూడా ఫొటోను 8×8 చుక్కల చిన్న గళ్లుగా విడగొట్టి, కంటికి పెద్దగా తెలియదనుకున్న వివరాలను పారేస్తుంది. పారేసింది మళ్లీ రాదు.

రా ఫైల్ అంటే ఈ పనులన్నిటికీ ముందు ఉన్న కొలతలు. 14 బిట్ కెమెరా అయితే ఒక్కో చుక్కకు 16,384 మెట్లు. వైట్ బ్యాలెన్స్, పిక్చర్ స్టైల్ లాంటివి అందులో ఒక చీటీ రాసి పెట్టినట్టు ఉంటాయంతే, కొలతల్లో కలవవు. అందుకే కెమెరాలో మోనోక్రోమ్ పెట్టి రా తీస్తే స్క్రీన్ మీద నలుపు తెలుపుగా కనిపించినా, ఫైల్‌లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి.

ఇంకో సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. రా ఫైల్ లోపల కెమెరా ఒక జేపెగ్‌ను కూడా దాస్తుంది. కెమెరా వెనక స్క్రీన్ మీద మీరు చూసేది ఆ జేపెగ్‌నే. ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపించే హిస్టోగ్రామ్ గ్రాఫ్ కూడా దాన్నుంచి వచ్చిందే.

మొదటి అడుగు: కెమెరాను సిద్ధం చేయండి

మెనూలో ఇమేజ్ క్వాలిటీ దగ్గర `RAW+JPEG` ఎంచుకోండి. జేపెగ్ నాణ్యత అన్నిటికంటే పై దానిలో ఉంచండి, లేకపోతే పోటీ న్యాయంగా ఉండదు. రా ఫైల్‌కు రకాలు అడిగితే లాస్‌లెస్ కంప్రెస్డ్, 14 బిట్ పెట్టండి. ఇందులో ఫైల్ చిన్నదవుతుంది కానీ ఒక్క కొలత కూడా పోదు. అన్‌కంప్రెస్డ్ పెట్టినా ఫొటో ఇంతకంటే బాగుండదు, కార్డు మాత్రం తొందరగా నిండుతుంది.

నీడలను ఆటోమేటిక్‌గా తేలికపరిచే సదుపాయం ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపేయండి. కొన్ని కెమెరాల్లో అది ఎక్స్‌పోజర్‌నే కాస్త తగ్గిస్తుంది, అప్పుడు రా ఫైల్ కూడా మారిపోతుంది. ఐఎస్ఓ కెమెరాలో ఉన్న మామూలు కనిష్ఠానికి, అంటే 100కో 200కో దించండి. మోడ్ మాన్యువల్‌లో పెట్టి, కెమెరాను ట్రైపాడ్ మీదో బల్ల మీదో కదలకుండా నిలపండి.

రెండో అడుగు: నాలుగు ఫొటోలు తీయండి

పగటిపూట, మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టండి. తెల్ల చొక్కా వేసుకుంటే మంచిది. కిటికీ అంచు కూడా ఫ్రేమ్‌లో కొంచెం పడాలి. కుర్చీ వెనక చీకటి మూల ఒకటి కనిపించాలి. ఇలా అయితే అతి వెలుగు, చర్మం, తెలుపు, కటిక నీడ నాలుగూ ఒకే ఫొటోలో ఉంటాయి.

మొదటి ఫొటో ముఖానికి సరిపోయే ఎక్స్‌పోజర్‌తో తీయండి. అది సెకనులో 60వ వంతు దగ్గర కుదిరిందనుకుందాం. రెండో ఫొటోకు ఎపర్చర్ కదపకుండా షట్టర్‌ను 500వ వంతుకు మార్చండి. 60 నుంచి 125, 250, 500 అంటే ఒక్కో స్టాప్‌కు వెలుగు సగమవుతూ మూడు స్టాప్‌లు చీకటి. మూడో ఫొటోకు షట్టర్‌ను 15వ వంతుకు తీసుకెళ్లండి, రెండు స్టాప్‌లు వెలుగు ఎక్కువవుతుంది. నాలుగోది రాత్రి తీయాలి: పసుపు వెలుగు ఇచ్చే బల్బు కింద అదే మనిషిని, వైట్ బ్యాలెన్స్ మాత్రం ఎండ గుర్తు మీదే వదిలేసి.

మూడో అడుగు: రెండు ఫైళ్లనూ పక్కపక్కన తెరవండి

లైట్‌రూమ్, క్యాప్చర్ వన్ ఉంటే సరే. లేకపోతే డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితంగా దొరుకుతాయి, ఈ పరీక్షకు బాగా సరిపోతాయి. లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్లకు ఒక చిక్కు వస్తుంది: ఒకే పేరున్న రా, జేపెగ్ రెండూ ఉంటే అది రెండింటినీ కలిపి ఒకటిగా చూపిస్తుంది, జేపెగ్ ఎక్కడుందో కనబడదు. ప్రిఫరెన్సెస్‌లో ఈ పెట్టెకు టిక్ పెట్టి ఇంపోర్ట్ చేయండి:

```
Treat JPEG files next to raw files as separate photos
```

మొదటిసారి రా తెరిచినవాళ్లు దాదాపు అందరూ ఇక్కడ కంగారు పడతారు. ఫొటో ఒక క్షణం మిలమిలలాడుతూ కనిపించి, వెంటనే రంగు తగ్గి చప్పగా మారుతుంది. ఏదీ పాడవలేదు. మొదట కనిపించింది లోపల దాచిన జేపెగ్, తర్వాత వచ్చింది సాఫ్ట్‌వేర్ తన సొంత లెక్కతో వేసిన బొమ్మ. లెన్స్ వంపు కూడా కొన్నిసార్లు అప్పుడే బయటపడుతుంది, గోడ అంచు కొంచెం ఉబ్బినట్టు ఉంటుంది. లెన్స్ ప్రొఫైల్ వేస్తే సర్దుకుంటుంది. జేపెగ్‌లో ఈ పనులన్నీ కెమెరా ముందే చేసిపెట్టింది.

అసలు ఫైల్ తెరుచుకోకపోతే, మీ కెమెరా కొత్తదై సాఫ్ట్‌వేర్ పాతదై ఉంటుంది. ఒక్కో కంపెనీ రా ఒక్కో తీరు: క్యానన్ `.CR3`, నికాన్ `.NEF`, సోనీ `.ARW`. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా సాఫ్ట్‌వేర్‌కు దాన్ని చదవడం విడిగా నేర్పాలి. అడోబీ వాళ్ల ఉచిత డీఎన్‌జీ కన్వర్టర్‌తో ఫైల్‌ను `.DNG`గా మార్చుకుంటే పాత సాఫ్ట్‌వేర్లు కూడా చాలావరకు తెరుస్తాయి.

చీకటి ఫొటో

500వ వంతులో తీసిన ఫొటో రెండు రకాలనూ తెరిచి, ఎక్స్‌పోజర్ స్లైడర్‌ను రెండింటికీ +3 చేయండి. దూరం నుంచి చూస్తే రెండూ బాగానే ఉన్నట్టు ఉంటాయి. ఇప్పుడు కుర్చీ వెనక మూలను 100 శాతానికి జూమ్ చేయండి.

జేపెగ్‌లో ఆ మూల ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. నలుపులోంచి ఊదా, ఆకుపచ్చ మరకలు తేలుతాయి, గోడ మీద వెలుగు మెల్లగా తగ్గాల్సిన చోట మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. ఇంకా జూమ్ చేస్తే నేను ముందు చెప్పిన 8×8 గళ్లు కంటికి కనబడతాయి. జుట్టులో పోగులు కలిసిపోయి ఒకే ముద్దలా ఉంటుంది. రాలో సన్నటి ఇసుక చల్లినట్టు నాయిస్ ఉంటుంది, కానీ జుట్టు జుట్టులా, కుర్చీ చెక్క చెక్కలా కనిపిస్తుంది. ఆ నాయిస్‌ను సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు. కలిసిపోయిన పోగులను విడదీయడం మాత్రం ఎవరివల్లా కాదు.

దీనికి కారణం అంకెల్లో చూస్తే బాగా అర్థమవుతుంది. సెన్సర్ కాంతిని ఉన్నదున్నట్టు కొలుస్తుంది కాబట్టి 14 బిట్ ఫైల్‌లోని 16,384 మెట్లలో సగం, అంటే 8,192, అన్నిటికంటే వెలుగైన ఒక్క స్టాప్‌కే పోతాయి. దాని కింది స్టాప్‌కు 4,096, ఆ కిందకు 2,048. ఇలా సగం సగం చేస్తూ దిగితే పైనుంచి ఆరో స్టాప్‌కు, అంటే మన కుర్చీ వెనక నీడ లాంటి చోటికి, 256 మెట్లు మిగులుతాయి. అదే నీడకు జేపెగ్‌లో దక్కేవి సుమారు 16 మెట్లే. మీరు +3 అన్నప్పుడు ఆ 16 మెట్లను సాగదీస్తున్నారు. మెట్ల మధ్య ఖాళీలే గోడ మీద గీతలుగా కనబడుతున్నాయి.

ఈ తేడా ఎప్పుడూ ఇంతే ఉండదు. ఇదే ఫొటోను ఐఎస్ఓ 3200లో ఇంకోసారి తీసి చూడండి. సెన్సర్ నాయిస్ ఆ సన్నని మెట్లను ముంచేస్తుంది, రా నీడలు కూడా రంగు మచ్చలతో నిండిపోతాయి. రా అప్పుడు కూడా మెరుగే, ఎందుకంటే నాయిస్ ఎంత తగ్గించాలో మీ చేతిలో ఉంటుంది. కానీ తక్కువ ఐఎస్ఓలో చూసిన అద్భుతం ఉండదు. "రాలో తీశాను కదా, చీకటైనా పర్లేదు" అని రాత్రి ఫొటోలు తీసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

వెలుగు ఎక్కువైన ఫొటో

15వ వంతులో తీసినదాన్ని రెండు చోట్లా −2కు దించండి. తెల్ల చొక్కా భుజం మీద, కిటికీ వైపు, కుట్టు కనిపిస్తుందేమో చూడండి. జేపెగ్‌లో అక్కడ తెలుపు పోయి బూడిద రంగు వస్తుంది, కుట్టు మాత్రం రాదు. 255 దగ్గర ఆగిపోయిన అంకెలను ఎంత దించినా అవన్నీ కలిసి ఒకేలా దిగుతాయి. రాలో చాలాసార్లు కుట్టు తిరిగి వస్తుంది. కెమెరా జేపెగ్ చేసేటప్పుడు కాంట్రాస్ట్ పెంచి వెలుగులను పైకి తోస్తుంది కాబట్టి, జేపెగ్ తెల్లబోయే సమయానికి రాలో ఇంకా కొంత చోటు మిగిలి ఉంటుంది. ఆ చోటు ఒక స్టాప్ అటూ ఇటూగా ఉంటుందని అనుకోండి. మీ కెమెరాలో కచ్చితంగా ఎంతో తెలుసుకోవాలంటే మూడో వంతు స్టాప్ చొప్పున పెంచుతూ ఫొటోలు తీసి, చొక్కా కుట్టు ఎక్కడ మాయమవుతుందో రాసుకోండి. ఆ ఒక్క అంకె తెలిసి ఉండటం నాకు చాలాసార్లు పనికొచ్చింది.

ఇప్పుడు కిటికీ నడిమధ్యకు వెళ్లండి. అక్కడ రెండూ ఖాళీయే. సెన్సర్ చుక్క నిండిపోయిన తర్వాత వచ్చిన కాంతికి ఎక్కడా లెక్క లేదు, ఏ ఫార్మాట్ అయినా అంతే. కష్టం ఎక్కువగా ఈ రెంటి మధ్యలో వస్తుంది: మూడు రంగుల్లో ఒకటో రెండో నిండిపోయి, మిగతాది మిగిలి ఉన్న చోట. సాఫ్ట్‌వేర్ మిగిలినదాన్ని చూసి పోయిన రంగును ఊహిస్తుంది. ఆకాశం, మేఘం అయితే ఆ ఊహ బాగానే కుదురుతుంది. నుదుటి మీద మెరుపు అయితే చర్మం మధ్యలో రంగు లేని బూడిద మచ్చ పడుతుంది. హైలైట్స్ స్లైడర్‌ను కిందికి లాగినప్పుడు అలాంటి మచ్చ కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఇంకా లాగినకొద్దీ మచ్చ పెద్దదవుతుంది.

తప్పు వైట్ బ్యాలెన్స్

నాలుగో ఫొటోలో ముఖం నారింజ రంగులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో రంగు పిక్కర్ తీసుకుని తెల్ల చొక్కా మీద, మరీ మెరవని చోట, నొక్కండి. రా అక్కడికక్కడే సరైపోతుంది, కెమెరాలో బల్బు గుర్తు పెట్టి తీసినట్టే ఉంటుంది. జేపెగ్ సగం వరకు వచ్చి ఆగుతుంది. లైట్‌రూమ్‌లో స్లైడర్ చూసినా తేడా తెలుస్తుంది: రాకు కెల్విన్ అంకెలు చూపిస్తుంది, జేపెగ్‌కు సున్నాకు అటూ ఇటూ −100 నుంచి +100 వరకు మాత్రమే. జేపెగ్‌లో అసలు వెలుగు ఏమిటో దానికి తెలియదు, ఉన్న రంగు మీద ఇంకో రంగు పూస్తుందంతే.

నాకు ఈ పాఠం ఖరీదుగానే తెలిసింది. ఒక సాయంత్రం ఇంట్లో బల్బుల కింద ఫొటోలు తీసి, వైట్ బ్యాలెన్స్‌ను బల్బు గుర్తు మీదే వదిలేశాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం స్నేహితుల కుటుంబాన్ని బయట ఫొటోలు తీశాను, అన్నీ జేపెగ్‌లోనే. ఎండలో స్క్రీన్ సరిగ్గా కనిపించలేదు. ఇంటికొచ్చి చూస్తే నూటికి పైగా ఫొటోలు, మనుషులంతా నీలంగా ఉన్నారు. పసుపు పెంచుతూ పోతే చర్మం దారికి వచ్చింది కానీ, తెల్ల బట్టల మీద, ఆకాశంలో నీలం ముందే 255కు చేరి ఆగిపోయి ఉంది. రంగు సరిచేసేసరికి బట్టల మడతలు పోయి, అట్టముక్కలు తొడుక్కున్నట్టు తయారయ్యారు. రాలో తీసి ఉంటే ఒక ఫొటో సరిచేసి, అదే సెట్టింగ్ అన్నిటికీ అంటించి, ఐదు నిమిషాల్లో లేచేదాన్ని.

నాలుగో అడుగు: ఫార్మాట్‌ను బట్టి ఎక్స్‌పోజర్ అలవాటు మార్చండి

పరీక్షలో మీరు చూసినదాన్ని ఇప్పుడు చేతికి నేర్పాలి. జేపెగ్ తీసేటప్పుడు వెలుగులు పోకుండా కాపాడుకోవాలి. వెలుగు పోయిన చోట్లను మిణుకుమిణుకుమని చూపించే హెచ్చరిక ఆన్ చేసుకుని, ముఖం మీద, తెల్ల బట్టల మీద అది కనిపిస్తే మూడో వంతు స్టాప్ చొప్పున తగ్గించండి. వైట్ బ్యాలెన్స్‌ను చోటు మారినప్పుడల్లా చూసుకోండి.

రా తీసేటప్పుడు దాదాపు దీనికి ఎదురు. హిస్టోగ్రామ్ కుడి అంచుకు దగ్గరగా వచ్చేదాకా వెలుగు ఇవ్వండి, ఎందుకంటే ఎక్కువ మెట్లు అక్కడే ఉన్నాయి, నీడల్లో నాయిస్ తగ్గుతుంది. కానీ ఆ హిస్టోగ్రామ్ జేపెగ్‌ది అని మరిచిపోవద్దు. కాంట్రాస్ట్ ఎక్కువున్న పిక్చర్ స్టైల్ పెడితే, రాలో ఇంకా చోటుండగానే అది నిండినట్టు చూపిస్తుంది. రా మాత్రమే తీసేవాళ్లు న్యూట్రల్ లాంటి స్టైల్ పెట్టుకుంటే అంచనా నిజానికి దగ్గరగా ఉంటుంది. రెండూ తీసేవాళ్లు అలా పెట్టలేరు, జేపెగ్ చప్పబడుతుంది.

పక్షులు, ఆటలు లాంటివి తీసేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వరసగా తీస్తుంటే, కార్డుకు చేరేలోపు ఫొటోలు ఆగే కెమెరా బఫర్‌ను రా ఫైళ్లు తొందరగా నింపుతాయి, ఉన్నట్టుండి వేగం పడిపోతుంది. షట్టర్ నొక్కి పట్టుకుని, చప్పుడు మందగించేలోపు ఎన్ని ఫొటోలు పడ్డాయో రెండు ఫార్మాట్లలోనూ లెక్కపెట్టండి.

ఐదో అడుగు: నిల్వ లెక్క వేయండి

కంపెనీ చెప్పిన సైజు నమ్మకుండా మీరు తీసిన ఫైళ్లనే చూడండి. 24 మెగాపిక్సెల్ కెమెరాకు ఒక లెక్క వేస్తాను. 14 బిట్ కొలతలను ఏమాత్రం కుదించకుండా రాస్తే 2.4 కోట్ల చుక్కలను 14తో గుణించి 8తో భాగించాలి, 42 ఎంబీ వస్తుంది. లాస్‌లెస్ కంప్రెషన్‌తో అది ఫొటోను బట్టి తగ్గుతుంది. సగటున 28 ఎంబీ అనుకుందాం. మంచి నాణ్యత జేపెగ్ 9 ఎంబీ అనుకుందాం.

ఒక రోజు 800 ఫొటోలు తీశారు. రా అయితే 22.4 జీబీ, జేపెగ్ అయితే 7.2 జీబీ, రెండూ అయితే 29.6 జీబీ. 64 జీబీ కార్డు దేనికైనా సరిపోతుంది. కార్డు ఎప్పుడూ పెద్ద సమస్య కాదు, అసలు బరువు తర్వాత తెలుస్తుంది. నెలకు రెండుసార్లు ఇలా తీస్తే ఏడాదికి 24 రోజులు, రా మాత్రమే అయినా 538 జీబీ. దానికి ఇంకో కాపీ ఉండాలి, వేరే డిస్క్ మీద. దాంతో కలిపితే 1 టీబీ దాటిపోతుంది. జేపెగ్ అయితే కాపీతో కలిపి 346 జీబీ దగ్గర ఆగేది.

ఈ భారం తగ్గించడానికి ఫార్మాట్ మార్చడం కంటే మంచి దారి ఉంది, పనికిరానివి తీసేయడం. 800లో మీరు నిజంగా వాడేవి 200 అయితే, మిగతావి తీసేశాక రోజుకు 5.6 జీబీ, ఏడాదికి 134 జీబీ. జేపెగ్‌లో అన్నీ దాచుకున్నదానికంటే కూడా తక్కువే. అందుకే నేను ఫొటోలను డిస్క్‌లోకి ఎక్కించిన వారంలోపు వడపోత పూర్తి చేస్తాను. వారం దాటితే ఆ పని ఎప్పటికీ జరగదు, డిస్క్ మాత్రం నిండుతూనే ఉంటుంది. రెండో కాపీ తెరిచి ఫొటోలు కనిపించాయని చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి.

ఎడిటింగ్ వల్ల రా ఫైల్ సైజు పెరగదు, అసలు రా ఫైల్ మారదు. మీరు కదిపిన స్లైడర్ల వివరాలు `.xmp` అనే చిన్న ఫైల్‌లోనో, సాఫ్ట్‌వేర్ కేటలాగ్‌లోనో చేరతాయి, కొన్ని కేబీలే. కానీ ఆ చిన్న ఫైల్ పోతే మీ పనంతా పోయినట్టే. బ్యాకప్‌లో కేటలాగ్, `.xmp` ఫైళ్లు కూడా ఉన్నాయో లేదో ఒకసారి తెరిచి చూడండి. వేరే సాఫ్ట్‌వేర్‌లోకి పంపడానికి 16 బిట్ టిఫ్ చేస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది: మూడు రంగులు, రంగుకు రెండు బైట్లు, 24 మెగాపిక్సెల్‌కు 144 ఎంబీ. పని అయ్యాక అవి ఉంచాలా వద్దా అని ఆలోచించుకోండి.

జేపెగ్‌ను ఎడిట్ చేసేవాళ్లకు వేరే జాగ్రత్త కావాలి. తెరిచి మార్చి అదే పేరుతో సేవ్ చేసిన ప్రతిసారీ కుదింపు మళ్లీ జరిగి ఇంకొంచెం నష్టపోతుంది. అసలు ఫైల్‌ను పక్కన పెట్టి, ఎప్పుడూ దాన్నుంచే మొదలుపెట్టండి.

ఫోన్‌లో అయితే

ఫోన్ విషయం కొంచెం వేరు. ఫోన్ జేపెగ్ వెనక చాలాసార్లు ఒకటి కాదు, వెంటవెంటనే తీసి కలిపిన ఎన్నో ఫ్రేమ్‌లు ఉంటాయి. చాలా యాప్‌లు రాగా ఇచ్చే డీఎన్‌జీ ఫైల్ మాత్రం ఒక్క ఫ్రేమే, కాబట్టి అది జేపెగ్‌కంటే నాయిస్‌తో, తక్కువ వెలుగు పరిధితో కనిపించవచ్చు. 2020లో ఐఫోన్ 12 ప్రోతో వచ్చిన యాపిల్ ప్రోరా లాంటివి ఆ కలిపిన ఫలితాన్నే ఫైల్‌లో పెడతాయి. మీ ఫోన్ ఏది ఇస్తుందో ఇదే కిటికీ పరీక్షతో తెలుస్తుంది.

ఆరో అడుగు: తేల్చుకోండి

ఇప్పుడు మీ దగ్గర మూడు సంగతులున్నాయి: మీ కెమెరా రాలో వెలుగులు ఎంతవరకు తిరిగొస్తాయి, నీడలు ఎంతవరకు లేస్తాయి, ఏడాదికి ఎంత చోటు కావాలి. వీటి పక్కన మీ పాత ఫొటోలను పెట్టి చూడండి. గత మూడు నెలల్లో తీసినవాటిలో వెలుగు పోయినవి, నీడ లేపాల్సి వచ్చినవి, రంగు తప్పినవి ఎన్ని ఉన్నాయి? పదింటికి రెండో మూడో ఉంటే రా మీకు నిజంగా పనికొస్తుంది. ఒక్కటీ లేకపోతే, తీసిన రోజే ఫొటోలు పంపే అలవాటుంటే, జేపెగ్‌లో ఏ లోటూ లేదు.

వెలుగు మీ చేతిలో లేని చోట, అంటే స్టేజీ మీద, కిటికీలున్న గదుల్లో, సూర్యాస్తమయంలో, రా తీయండి. మళ్లీ రాని సందర్భాల్లో కూడా తీయండి. వేగంగా అందించాల్సిన పనిలో, వెలుగు నిలకడగా ఉన్న చోట జేపెగ్ చాలు. కొన్నిసార్లు ఈ ఎంపిక మీ చేతిలోనే ఉండదు. 2015లో రాయిటర్స్ తన ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్లను, కెమెరాలోనే జేపెగ్‌గా తీసినవాటినే పంపమని, రా నుంచి తయారు చేసినవి వద్దని కోరింది. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో మాత్రం చివరి వడపోతకు వచ్చిన ఫొటోల అసలు ఫైళ్లను తెప్పించుకుని పోల్చి చూస్తారు. ఎవరికోసం తీస్తున్నారో వాళ్ల నిబంధన ముందే అడగండి.

రెండూ కలిపి తీయడం మొదటి రెండు నెలలకు బాగుంటుంది. జేపెగ్ వెంటనే పంపడానికి, రా తర్వాత పని చేసుకోవడానికి. ఆ రెండు నెలల్లో మీరు జేపెగ్‌లను ఎన్నిసార్లు ముట్టుకున్నారో, రాలను ఎన్నిసార్లు తెరిచారో చూడండి. ముట్టుకోని దాన్ని మెనూలో ఆపేయండి. ఆపేసింది రా అయితే, వచ్చేసారి కెమెరా పట్టుకోగానే ముందు వైట్ బ్యాలెన్స్ గుర్తు ఎక్కడుందో చూసి, అప్పుడు ఫొటో తీయండి.